గేర్లలో వదులు, లూప్‌లో ఊగిసలాట: డిస్క్రైబింగ్ ఫంక్షన్‌తో లిమిట్ సైకిల్‌ను ముందే లెక్కగట్టడం

ఒక పొజిషన్ సర్వో ఉంది. మోటారు, గేర్లు, లోడు షాఫ్టు, దానిమీద ఎన్‌కోడర్. కాగితం మీద దాని లూప్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ `G(s) = K/(s(Ts+1))`. రెండో ఆర్డర్ లూప్ కాబట్టి గెయిన్ ఎంత పెంచినా ఇది అస్థిరం కాదని మొదటి ఏడాది కంట్రోల్ పాఠమే చెబుతుంది. కాని యంత్రాన్ని ఆన్ చేస్తే, ఆదేశం సున్నాలో ఉన్నా, షాఫ్టు సెకనుకు అయిదుసార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఊపు పెరిగిపోదు, చచ్చిపోదు. చేత్తో పట్టుకుని ఆపితే ఆగుతుంది, వదిలాక చిన్న కదలిక చాలు, మళ్లీ అదే ఊపుకు వచ్చి చేరుతుంది.

ఇదే లిమిట్ సైకిల్. కారణం గేర్ పళ్ల మధ్య ఉన్న వదులు, అంటే బ్యాక్‌లాష్. ఆ ఊపు ఎంత ఉంటుందో, ఎంత వేగంగా ఉంటుందో, ఏ గెయిన్ దగ్గర మొదలవుతుందో డిస్క్రైబింగ్ ఫంక్షన్‌తో ముందే లెక్కగట్టడం ఈ వ్యాసం పని. ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చూద్దాం. ఈ లూప్‌కు కచ్చితమైన పరిష్కారం కూడా దొరుకుతుంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుంది. పాఠ్యపుస్తకాలు ఈ సరిచూపును ఎక్కువగా వదిలేస్తాయి. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది.

మొదటి మెట్టు: లూప్‌ను రెండు ముక్కలు చేయడం

లూప్‌లో వంకర ప్రవర్తన ఉన్న భాగాన్ని ఒక పక్కకు, మిగతా లీనియర్ భాగాన్నంతా మరో పక్కకు తీసేయాలి. మన సర్వోలో కంట్రోలర్, ఆంప్లిఫయర్, మోటారు కలిసి `G(s)`. ఆ తర్వాత బ్యాక్‌లాష్. దాని అవుట్‌పుట్, అంటే లోడు కోణం `y`, ఎన్‌కోడర్ ద్వారా వెనక్కి వస్తుంది. బ్యాక్‌లాష్ ఇన్‌పుట్ మోటారు వైపు కోణం `θ`. దీన్ని గేర్ నిష్పత్తితో భాగించి లోడు వైపు డిగ్రీల్లోనే రాద్దాం.

ఇక్కడ ఒక ఊహ దాగి ఉంది. మోటారు వెనక్కి తిరిగిన క్షణంలో లోడు ఉన్నచోటే ఆగిపోతుందని, పళ్లు వదులంతా దాటి రెండో వైపు తగిలాకే మళ్లీ కదులుతుందని అనుకుంటున్నాం. లోడులో రాపిడి ఉండి, జడత్వం తక్కువగా ఉంటేనే ఇది నిజం. బరువైన చక్రంలాంటి లోడు అయితే మోటారు ఆగినా అది తన ఊపులో పోతూనే ఉంటుంది. దానికి ఈ నమూనా పనికిరాదు. రెండు బరువుల మధ్య డెడ్ జోన్ ఉన్న స్ప్రింగు నమూనా కావాలి. లెక్క మొదలుపెట్టేముందు మీ లోడు ఏ రకమో తేల్చుకోండి. తప్పు నమూనాతో చేసిన లెక్కలు ఎంత చక్కగా వచ్చినా వృథాయే.

ఇక అంకెలు. `T = 0.05` సెకన్లు, `K = 100` ప్రతి సెకనుకు. అంటే ఒక డిగ్రీ ఎర్రర్‌కు మోటారు చివరికి సెకనుకు 100 డిగ్రీల వేగం అందుకుంటుంది. గేర్లలో మొత్తం వదులు 0.4 డిగ్రీలు. సూత్రాల్లో వాడేది దాని సగం: `b = 0.2` డిగ్రీలు. సగమా, మొత్తమా అన్న ఈ ఒక్క తేడా వల్ల జవాబు రెండింతలు తప్పడం మామూలే. ఏ సూత్రం ఎక్కడ నుంచి తీసుకున్నా దాని `b` ఏదో ముందు చూసుకోండి.

రెండో మెట్టు: ముందు రిలేతో చేయి తిప్పుకోవడం

పద్ధతి వెనకున్న ఆలోచన చిన్నది. లూప్ ఊగుతోందంటే బ్యాక్‌లాష్‌కో రిలేకో వచ్చే ఇన్‌పుట్ దాదాపు సైన్ తరంగమే అనుకుందాం: `A sin ωt`. అవుట్‌పుట్ సైన్ కాదు. కాని దానిలోని మొదటి హార్మోనిక్‌నే తీసుకుని, పై హార్మోనిక్స్‌ను `G(s)` ఎలాగూ అణిచేస్తుందని వదిలేద్దాం. మొదటి హార్మోనిక్‌ను ఇన్‌పుట్‌తో భాగిస్తే వచ్చే కాంప్లెక్స్ గెయినే డిస్క్రైబింగ్ ఫంక్షన్, `N(A)`. మామూలు గెయిన్‌కూ దీనికీ ఒక్కటే తేడా: ఇది ఆంప్లిట్యూడ్‌ను బట్టి మారుతుంది. 1947లో సోవియట్ యూనియన్‌లో గోల్డ్‌ఫార్బ్, బ్రిటన్‌లో టస్టిన్, 1950లో అమెరికాలో కోచెన్‌బర్గర్ ఎవరి దారిన వారు ఈ ఆలోచనకు చేరారు. టస్టిన్ పట్టుకున్న సమస్య బ్యాక్‌లాషే.

ఊగిసలాట నిలవాలంటే లూప్ చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చిన సైన్ తరంగం అదే పరిమాణంలో, అదే ఫేజ్‌లో ఉండాలి:

`G(jω) = -1/N(A)`

ఆదర్శ రిలే అవుట్‌పుట్ `+M` లేదా `-M` మాత్రమే, అంటే చదరపు తరంగం. దాని మొదటి హార్మోనిక్ `4M/π` కాబట్టి `N = 4M/(πA)`. ఇది వాస్తవ సంఖ్య. కాబట్టి `-1/N` నైక్విస్ట్ తలంలో నెగటివ్ వాస్తవ అక్షం మీదే ఉంటుంది. మన `K/(s(Ts+1))` వక్రం ఆ అక్షాన్ని మూలబిందువు దగ్గర తప్ప ఎక్కడా తాకదు. అంటే ఆంప్లిట్యూడ్ సున్నా, ఫ్రీక్వెన్సీ అనంతం. ఇది అర్థంలేని జవాబులా కనిపిస్తుంది కాని కాదు. ఆదర్శ రిలే ఎంత వేగంగా కుదిరితే అంత వేగంగా కొట్టుకుంటుందని, ఆ వేగాన్ని నిర్ణయించేది మనం నమూనాలో పెట్టని చిన్న ఆలస్యమేనని అది చెబుతోంది.

ఆ ఆలస్యాన్ని పెట్టి చూద్దాం. బ్యాక్‌లాష్ తీసేసి, రిలేతో నడిచే మోటారు అనుకోండి. రిలే పూర్తిగా వేసి ఉంచితే మోటారు చివరి వేగం సెకనుకు 20 డిగ్రీలు, రిలే ఆలస్యం `τ` 5 మిల్లీసెకన్లు. ఫేజ్ మొత్తం -180 డిగ్రీలు కావాలంటే `90° - atan(ωT) - ωτ = 0`, అంటే `ωτ·tan(ωτ) = τ/T = 0.1`. దీనికి జవాబు `ωτ = 0.311`. కాబట్టి `ω` సెకనుకు 62 రేడియన్లు, దాదాపు 10 హెర్ట్జ్. ఆంప్లిట్యూడ్ `(4/π)·20/(62.2·3.27)`, అంటే 0.125 డిగ్రీలు. ఇక్కడ 3.27 అన్నది `√(1+(ωT)²)`. రిలే పుట్టించే మూడో హార్మోనిక్ మొదటిదానిలో మూడోవంతు. ప్లాంటు దాన్ని ఇంకా తగ్గించాక మోటారు కోణంలో మిగిలేది సుమారు 4 శాతం. కాబట్టి సైన్ ఊహ ఇక్కడ బాగానే నిలబడుతుంది.

మూడో మెట్టు: బ్యాక్‌లాష్ డిస్క్రైబింగ్ ఫంక్షన్

బ్యాక్‌లాష్‌లో `N` కాంప్లెక్స్ సంఖ్య. ఎందుకంటే అవుట్‌పుట్ ఆలస్యంగా కదులుతుంది. ఇమాజినరీ భాగాన్ని ఇంటెగ్రల్ లేకుండా రాబట్టే ఒక చిట్కా ఉంది. `θ` అడ్డంగా, `y` నిలువుగా గీస్తే ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఒక సమాంతర చతుర్భుజం ఏర్పడుతుంది. దాని అడ్డు వెడల్పు `2b`, ఎత్తు `2(A-b)`, వైశాల్యం `4b(A-b)`. ఏ వంకర భాగానికైనా `N` ఇమాజినరీ భాగం ఈ వైశాల్యాన్ని `πA²`తో భాగించి మైనస్ పెట్టినంత. ఆదర్శ రిలేకు చుట్టులో వైశాల్యమే లేదు, అందుకే దాని `N` వాస్తవం.

వాస్తవ భాగానికి మాత్రం ఇంటెగ్రల్ తప్పదు. రాత తేలిక కావడానికి `x = 1 - 2b/A` అనుకుంటే రెండూ ఇలా వస్తాయి:

`Re N = (1/π)[π/2 + asin(x) + x√(1-x²)]`

`Im N = -(1-x²)/π`

ఇది `A > b` అయినప్పుడే. `A` అంతకన్నా తక్కువైతే మోటారు వదులులోనే కదులుతుంది, లోడుకు ఏమీ అందదు. `A` బాగా పెద్దదైతే `N` ఒకటికి చేరుతుంది, వదులు ఉన్నట్టే తెలియదు. ఈ మధ్యలో ఫేజ్ వెనకబాటు గమనించదగ్గది: `A = 10b` దగ్గర దాదాపు 7 డిగ్రీలు, `A = 4b` దగ్గర 16.5, `A = 2b` దగ్గర 32.5. ఊపు చిన్నదవుతున్నకొద్దీ వదులు మరింత ఫేజ్‌ను మింగేస్తుంది. మీరు జాగ్రత్తగా కూడబెట్టిన ఫేజ్ మార్జిన్ ఖర్చయ్యేది ఇక్కడే.

నాలుగో మెట్టు: రెండు వక్రాలు ఎక్కడ కలుస్తాయి

సాధారణంగా ఇక్కడ నైక్విస్ట్ తలం మీద `G(jω)`నూ `-1/N`నూ గీసి కలిసే బిందువు వెతుకుతారు. మీ ప్లాంటు ఇంకా క్లిష్టమైతే అదే దారి. మన ప్లాంటుకు అంత శ్రమ అక్కర్లేదు. `1/G = -N` అని తిప్పి రాస్తే `jω(1+jωT) = -K·N`. వాస్తవ భాగాలు `ω²T = K·Re N`, ఇమాజినరీ భాగాలు `ω = K·|Im N|`. ఈ రెంటినుంచి:

`ωT = Re N / |Im N|`

`KT = Re N / (Im N)²`

కుడివైపు రెండూ `A/b` మీదే ఆధారపడ్డాయి. కాబట్టి ప్రతి `A/b`కూ ఎంత `KT` కావాలో పట్టిక వేసుకోవచ్చు:

| A/b | కావలసిన KT | ωT |
|---|---|---|
| 1.11 | 3.96 | 0.45 |
| 1.25 | 3.43 | 0.70 |
| 1.29 | 3.42 | 0.76 |
| 1.33 | 3.43 | 0.82 |
| 2 | 4.94 | 1.57 |
| 3 | 8.85 | 2.50 |
| 5 | 20.7 | 4.21 |

పట్టికలో కనిష్ఠం 3.42 దగ్గర ఉంది. అంటే `KT` అంతకన్నా తక్కువైతే వక్రాలు కలవవు, ఊగిసలాట లేదు. ఎక్కువైతే రెండు చోట్ల కలుస్తాయి. మన `KT = 100 × 0.05 = 5`. దానికి దొరికే రెండు జవాబులు: `A = 2.02b`, `ωT = 1.59`, ఇంకొకటి `A = 1.06b`, `ωT = 0.32`.

అయిదో మెట్టు: రెండింటిలో ఏది నిలుస్తుంది

కలిసినంత మాత్రాన ప్రతి ఊగిసలాటా యంత్రంలో కనిపించదు. పట్టికనే ఇలా చదవండి. ఒక `A` దగ్గర `N`ను స్థిరమైన గెయిన్ అనుకుంటే, పట్టికలోని `KT` ఆ ఊపుకు అంచు విలువ. మన దగ్గరున్న `KT` అంతకన్నా ఎక్కువైతే ఊపు పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది.

మనకున్నది 5. `A = 1.5b` దగ్గర నిలబడితే కావలసింది 5 కన్నా తక్కువే, కాబట్టి ఊపు పెరుగుతుంది. `A = 3b` దగ్గర కావలసింది 8.85, కాబట్టి తగ్గుతుంది. రెండు వైపులనుంచీ ఊపు `2.02b` వైపే వస్తోంది. అది నిలిచే లిమిట్ సైకిల్. `1.06b` దగ్గర ఇందుకు వ్యతిరేకం. పైకి కొంచెం జరిగితే పెరిగి `2.02b`కి పోతుంది, కిందికి జరిగితే చచ్చిపోతుంది. ఆ రెండోది గట్టులాంటిదని, దాన్ని దాటేంత తోపు తగిలితేనే ఊగిసలాట మొదలవుతుందని ఈ పద్ధతి అంటుంది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పేచీ ఉంది.

మన అంకెల్లో చెబితే: మోటారు వైపు ఊపు `2.02 × 0.2`, అంటే 0.404 డిగ్రీలు. లోడు ఊపు `A - b`, అంటే అటూ ఇటూ 0.204 డిగ్రీలు. ఫ్రీక్వెన్సీ `1.59/0.05`, సెకనుకు 31.8 రేడియన్లు, 5.06 హెర్ట్జ్. మొదట్లో చెప్పిన సెకనుకు అయిదు ఊపులు ఇవే.

లోడు ఊపును `|N|·A`గా రాసేవాళ్లు ఉంటారు. అలా అయితే 0.24 డిగ్రీలు వస్తుంది. అది మొదటి హార్మోనిక్ పరిమాణం మాత్రమే. లోడు తరంగం తల చదునుగా ఉంటుంది కాబట్టి ఎన్‌కోడర్ చూపే శిఖరం దానికన్నా తక్కువ.

ఆరో మెట్టు: జవాబును కచ్చితమైన లెక్కతో సరిచూడడం

ఈ లూప్‌ను ముక్కలుగా విడదీసి సరిగ్గా పరిష్కరించవచ్చు. సగం చుట్టులో రెండే దశలు. మోటారు శిఖరం దగ్గర వెనక్కి తిరిగాక వదులు దాటేదాకా లోడు `Y` దగ్గర కదలకుండా ఉంటుంది. మోటారు మీద స్థిరమైన ఎర్రర్ పనిచేస్తూ `Tθ'' + θ' = -KY`. పళ్లు తగిలాక రెండూ కలిసి కదులుతాయి: `Ty'' + y' + Ky = 0`, వేగం మళ్లీ సున్నా అయ్యేదాకా. అక్కడ లోడు `-Y` దగ్గర ఉంటే చుట్టు మూసుకున్నట్టు.

`KT = 5`కు ఇది చేస్తే వదులు దాటడానికి 54 మిల్లీసెకన్లు, కలిసి కదలడానికి 46 మిల్లీసెకన్లు పడుతుంది. పూర్తి చుట్టుకు 0.2 సెకను, అంటే 5.01 హెర్ట్జ్. మోటారు ఊపు `1.96b`. డిస్క్రైబింగ్ ఫంక్షన్ ఫ్రీక్వెన్సీలో ఒక శాతం, ఆంప్లిట్యూడ్‌లో మూడు శాతం మాత్రమే తప్పింది. చేతిలెక్కకు ఇంతకన్నా ఏం కావాలి?

సమీకరణాలతో కుస్తీ పట్టడం ఇష్టం లేకపోతే పది వరుసల సిమ్యులేషన్ చాలు. `b`ని ఒకటిగా తీసుకున్నాను:

```python
K, T, b = 100.0, 0.05, 1.0
th, v, y = 1.5, 0.0, 0.5
dt, peak = 1e-5, 0.0
for n in range(400000):
    v += dt * (-K*y - v) / T
    th += dt * v
    y = min(max(y, th - b), th + b)
    if n > 200000:
        peak = max(peak, th)
print(peak)
```

`y`కి సంబంధించిన ఆ ఒక్క వరుసే బ్యాక్‌లాష్ మొత్తం. లోడు కోణం `θ`కు అటూ ఇటూ `b` లోపల ఉంటే కదలదు, దాటితే అంచును పట్టుకుని పోతుంది. జవాబు 1.96 దగ్గర వస్తుంది.

ఇక పేచీ. కచ్చితమైన లెక్కలో `1.06b` దగ్గరి రెండో లిమిట్ సైకిల్ లేనే లేదు. లోడులో ఎంత చిన్న `Y` మిగిలినా, ఎన్‌కోడర్‌కు ఆ ఎర్రర్ కనిపిస్తుంది, మోటారు నెమ్మదిగానైనా వదులంతా దాటి అవతలి పళ్లను తాకుతుంది. తాకేసరికి దాని వేగం దాదాపు `KY`. అక్కడినుంచి లోడు అవతలి వైపు ఎంత దూరం పోతుందో లెక్కిస్తే, `KT = 5`కు `1.48Y` వస్తుంది. అంటే ప్రతి సగం చుట్టుకూ ఊపు దాదాపు ఒకటిన్నర రెట్లు. గట్టు లేదు, తోపు అక్కర్లేదు. ఎంత చిన్న కదలికనుంచైనా ఊపు దానంతటదే పెరుగుతుంది. కదలకుండా ఉండేది ఒక్క పరిస్థితిలోనే: లోడు సరిగ్గా సున్నాలో, మోటారు వదులు లోపల ఎక్కడో ఒకచోట నిశ్చలంగా.

పద్ధతి ఇక్కడ ఎందుకు తప్పింది? ఆ చిన్న ఊపులో లోడు తరంగం దాదాపు చదరపు ఆకారం. దాని మూడో హార్మోనిక్ మొదటిదానిలో మూడోవంతు ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తక్కువ కావడంతో ప్లాంటు దాన్ని నాలుగోవంతుకే తగ్గిస్తుంది. కాబట్టి మోటారు కోణంలో 8 శాతం తప్పు మిగులుతుంది. మనం పట్టుకోవాలనుకుంటున్న తేడా, అంటే `A`కూ `b`కూ మధ్య దూరం, 6 శాతమే. తప్పు కొలతకన్నా పెద్దది. అలాంటిచోట జవాబు ఏదైనా చెబుతుంది.

ఇదే తప్పు హద్దు విలువలోనూ కనిపిస్తుంది. ఊపు పెరిగే నిష్పత్తి ఒకటి అయ్యే `KT`ని కచ్చితంగా కడితే 3.05 దగ్గర వస్తుంది. డిస్క్రైబింగ్ ఫంక్షన్ 3.42 అంది. తేడా 12 శాతమే కావచ్చు, కాని అది ప్రమాదకరమైన వైపు తేడా. `KT = 3.2` పెట్టుకుని క్షేమంగా ఉన్నామనుకునేవారి యంత్రం నిజానికి నెమ్మదిగా ఊగుతుంది. వక్రాలు చక్కగా అడ్డంగా కోసుకునే చోట ఈ పద్ధతిని నమ్మండి. రెండూ ఒరుసుకుంటూ పోయే చోట, అంటే కలుస్తాయా లేదా అన్నది సన్నని అంతరం మీద ఉన్నప్పుడు, అది చెప్పే అవును కాదులకు విలువ ఇవ్వకండి. నేనైతే అక్కడ నేరుగా సిమ్యులేషన్‌కే వెళ్తాను.

యంత్రం దగ్గర: ఇది బ్యాక్‌లాషేనా?

ఊగుతున్న సర్వో ముందు నిలబడ్డాక మొదటి ప్రశ్న ఇదే. మోటారు వైపు, లోడు వైపు రెండు కోణాలనూ ఒకే తెర మీద పెట్టి చూడండి. బ్యాక్‌లాష్ అయితే మోటారు దాదాపు సైన్‌లా నున్నగా కదులుతుంది. లోడు మాత్రం ప్రతి కొసన ఆగి, చదునైన తల చూపుతుంది. ఎంతసేపు ఆగుతుందో కూడా లెక్కకు అందుతుంది: సగం చుట్టులో `acos(1-2b/A)` కోణం. మన కేసులో అది 89 డిగ్రీలు. అంటే లోడు దాదాపు సగం కాలం నిలబడే ఉంటుంది. దీన్ని వెనకనుంచి వాడి, ఆగిన కాలాన్ని కొలిచి `A/b` రాబట్టవచ్చు. అలా వచ్చిన `b` గేర్ దగ్గర డయల్ గేజీతో కొలిచినదానితో సరిపోతే రోగ నిర్ధారణ పూర్తయినట్టే.

స్టాటిక్ రాపిడి వల్ల, కంట్రోలర్‌లోని ఇంటెగ్రల్ చర్యతో వచ్చే ఊగిసలాట పైకి ఇలాగే కనిపిస్తుంది. కాని అక్కడ మోటారూ లోడూ రెండూ కలిసే ఆగుతాయి, ఇంటెగ్రేటర్ పేరుకున్నాక రెండూ కలిసే ఎగురుతాయి. లోడు నిలబడి ఉండగా మోటారు తిరుగుతూ ఉండడం బ్యాక్‌లాష్‌కు గుర్తు.

ఏం మారిస్తే ఆగుతుంది

చాలామంది ముందుగా గేర్లు మారుస్తారు. సమీకరణాన్ని మళ్లీ చూడండి: కావలసిన `KT`లో `b` ఎక్కడా లేదు. వదులును సగం చేస్తే ఊపు సగమవుతుంది, ఫ్రీక్వెన్సీ అంతే ఉంటుంది, ఊగిసలాట పోదు. ఊపు ఎన్‌కోడర్ ఒక మెట్టు కన్నా చిన్నదయ్యేదాకా, లేదా రాపిడిలో మునిగిపోయేదాకా అది ఉంటూనే ఉంటుంది. ఉండాలా వద్దా అన్నది నిర్ణయించేది `KT` ఒక్కటే.

కాబట్టి తేలిక మందు గెయిన్ తగ్గించడం. `K`ను 100 నుంచి 40కి దించితే `KT = 2`, ఫేజ్ మార్జిన్ 25 డిగ్రీలనుంచి 39కి పెరుగుతుంది, 3.05 హద్దుకు బాగా దూరం. అయితే లూప్ మందగిస్తుంది. అది ఒప్పుకోలేకపోతే మోటారు షాఫ్టు మీద వేగం కొలిచే టాకోనుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకోండి. వేగం లూప్ గెయిన్ `k` అయితే `T` కాస్తా `T/(1+k)` అవుతుంది. ముందు గెయిన్‌ను అంతే నిష్పత్తిలో పెంచి `K`ను 100 దగ్గరే ఉంచవచ్చు. `k = 1` చాలు, `KT` 5 నుంచి 2.5కు వస్తుంది. టాకో మోటారు వైపే ఉండాలి, లోడు వైపు పెడితే దాని సంకేతం కూడా వదులు దాటే వస్తుంది, లెక్కంతా మారిపోతుంది.

ఎన్‌కోడర్‌ను మోటారు వైపుకు మార్చడం ఇంకో దారి. అప్పుడు బ్యాక్‌లాష్ లూప్ బయటికి పోతుంది, లిమిట్ సైకిల్ ఉండదు. బదులుగా లోడు అటూ ఇటూ `b` దాకా ఎక్కడ ఉందో కంట్రోలర్‌కు తెలియదు. 0.2 డిగ్రీల తప్పు మీ పనికి చెల్లుతుందా అన్నది మీరే చెప్పాలి.

చివరిగా, చేయకూడనిది ఒకటి. లోడు సరిగ్గా సున్నాకు రావడం లేదని పీఐ కంట్రోలర్ పెడతారు. అప్పుడు లూప్‌లో రెండు ఇంటెగ్రేటర్లు అవుతాయి, తక్కువ ఫ్రీక్వెన్సీలో `G` ఫేజ్ -180 డిగ్రీలకు చేరుతుంది. `-1/N` వక్రమేమో -1 దగ్గర మొదలై, ఊపు చిన్నదవుతున్నకొద్దీ పరిమాణం పెరుగుతూ -90 డిగ్రీల వైపు పోతుంది. ఒకే పరిమాణం దగ్గర రెండింటి ఫేజ్‌లను పోల్చండి. పరిమాణం ఒకటి దగ్గర `G` ఫేజ్ మార్జిన్ మేరకు పైన ఉంటుంది, అనంతం దగ్గర 90 డిగ్రీలు కింద ఉంటుంది. మధ్యలో ఎక్కడో దాటక తప్పదు. ఇంటెగ్రల్ గెయిన్ ఎంత తగ్గించినా ఆ ఖండన పోదు, దూరం జరుగుతుంది అంతే: ఊపు `b`కి దగ్గరవుతుంది, చుట్టు పొడవవుతుంది. నిమిషానికి ఒకటి రెండుసార్లు బద్ధకంగా కదిలే లోడును చూసి ఆ గెయిన్‌ను ఇంకా తగ్గిస్తూ పోయేవాళ్లు ఉంటారు. ఆ లూప్‌లో తీసేయాల్సింది ఇంటెగ్రల్‌ను. లేదంటే ఎర్రర్ వదులు పరిధిలోకి రాగానే ఇంటెగ్రేటర్ ఆగిపోయేలా ఒక డెడ్ బ్యాండ్ పెట్టాలి.